ఓపెన్ ఫైలు ఇచ్చే ముందు

పచ్చళ్ల కంపెనీవాళ్లు మీ చేత లోగో గీయించుకున్నారు. డబ్బు మొత్తం ఇచ్చేశారు. మాటల మీదే పని జరిగిపోయింది, కాగితం మీద సంతకాలేవీ లేవు. ఇప్పుడు ఆ లోగో మీద కాపీరైటు ఎవరిది? పదిమందిని అడిగితే తొమ్మిదిమంది "డబ్బు పెట్టినవాడిదే, అందులో అనుమానమేముంది" అంటారు. మన చట్టం మాత్రం అలా అనదు. 1957 నాటి కాపీరైటు చట్టం, 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ గీసినవాళ్లే దానికి మొదటి యజమాని. ఉద్యోగంలో భాగంగా గీసినది అయితే ఆ హక్కు యజమానికి పోతుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు, కాబట్టి హక్కు గీసినవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇది విని డిజైనర్లు సంబరపడనక్కర్లేదు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివైతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, మొదటి యజమాని ఆ పని చేయించుకున్నవాళ్లే. అంటే మీరు అదే పచ్చళ్ల కంపెనీకి లోగో గీసి, సీసాల ఫొటోలు కూడా మీరే తీశారనుకోండి. లోగో హక్కు మీది, ఫొటోల హక్కు వాళ్లది. ఒకే పని, ఒకే బిల్లు, రెండు రకాల యాజమాన్యం. ఈ సంగతి తెలియక ఆ ఫొటోలను మరో క్లయింటుకు అమ్మబోయినా చిక్కే, లోగో తనదే అనుకుని కంపెనీని వేరేవాళ్లకు అమ్మబోయిన వ్యాపారికీ చిక్కే.

డబ్బు పుచ్చుకుని లోగో చేతికిచ్చాక "వాడటానికి వీల్లేదు" అంటే మాత్రం చెల్లదు. వాడుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే లెక్క. అయితే వాడుకునే అనుమతి వేరు, యాజమాన్యం వేరు. ఎవరో కాపీ కొడితే కాపీరైటు దావా వేయాలన్నా, బ్రాండును మరొకరికి అమ్మాలన్నా వ్యాపారికి యాజమాన్యమే కావాలి. అది చేతులు మారాలంటే కాగితం కావాలి.

ఆ కాగితంలో డిజైనర్ ముందుగా చూసుకోవాల్సినవి మూడు: హక్కులు ఎప్పుడు పోతాయి, డబ్బు ఎప్పుడు వస్తుంది, పని పెరిగితే ఏం చేయాలి. ఈ మూడింటినీ విడివిడిగా, మూడు వేర్వేరు నమూనాల నుంచి తెచ్చి అతికిస్తుంటారు. నా లెక్కలో అక్కడే దెబ్బ తింటారు. ఈ మూడు షరతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

విజయవాడలో ఒక డిజైనర్ ఉంది. గుంటూరు జిల్లాలో ఒక పచ్చళ్ల కంపెనీ ఆమెకు పని చెప్పింది. ఒక లోగో, ఆవకాయ, మాగాయ, గోంగూర, టమాటలకు నాలుగు లేబుళ్లు, ఆరు సీసాలు పట్టే ఒక అట్టపెట్టె డిజైను. మొత్తం 80,000 రూపాయలు. ఇది ఊహించిన లెక్కే గానీ, ఇలాంటి పనులు ప్రతి ఊళ్లోనూ జరుగుతూనే ఉన్నాయి.

చివరి రూపాయి దాకా

ఆ కంపెనీ పంపిన ఒప్పందంలో ఒక వాక్యం ఉంటుంది. "ఈ పనిలో తయారయ్యే అన్ని డిజైన్ల మీద సర్వహక్కులూ, అవి తయారైన క్షణం నుంచే కంపెనీకి చెందును." చూడటానికి మామూలుగా ఉంటుంది. కానీ ఇంకా పుట్టని పని మీద హక్కులు కూడా ముందే రాసివ్వొచ్చని, ఆ పని పుట్టగానే ఆ బదిలీ అమల్లోకి వస్తుందని 18వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆమె లోగో గీసి కంప్యూటర్‌లో సేవ్ చేసిన నిమిషానికే అది వాళ్లదైపోయింది. డబ్బు ఇంకా రాలేదు. వాళ్లు డబ్బు ఎగ్గొడితే బాకీ కోసం దావా వేయగలదు గానీ, "నా లోగో వాడటం ఆపండి" అనే మాట ఆమె నోటి నుంచి రాకూడదు. ఆమె చేతిలో ఉన్న గట్టి ఆయుధం మొదటి రోజే పోయింది.

అమెరికా క్లయింట్లు పంపే ఒప్పందాల్లో ఇదే విషయం "వర్క్ మేడ్ ఫర్ హైర్" అనే పేరుతో వస్తుంది. ఆ మాట వాళ్ల 1976 కాపీరైటు చట్టంలోది. బయటివాళ్ల చేత చేయించుకున్న పనికి అది వర్తించాలంటే ఆ పని చట్టంలో చెప్పిన తొమ్మిది రకాల్లో ఒకటై ఉండాలి, రాతలో ఒప్పుకుని ఉండాలి. ఒట్టి లోగో ఆ జాబితాలో ఇమడటం కష్టం. అందుకే వాళ్ల లాయర్లు కింద మరో వాక్యం చేరుస్తారు, అది వర్తించకపోతే హక్కులన్నీ ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను అని. డాలస్‌లో ఉన్న మనవాళ్ల కంపెనీకి పనిచేసినా ఇదే వాక్యం కనిపిస్తుంది. దీన్ని పూర్తిగా కొట్టేయమంటే వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. "తయారైన క్షణం నుంచి" అనేదాన్ని "పూర్తి సొమ్ము ముట్టిన నాటి నుంచి" అని మార్చమనండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే డబ్బిచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లకు దానివల్ల పోయేదేమీ లేదు. ససేమిరా అన్నారంటే, ఎందుకు అంటున్నారో ఆలోచించుకోవాల్సింది మీరే.

మన డిజైనర్ రాసుకోవాల్సిన వాక్యం ఇలా ఉండొచ్చు: "అనుబంధం-1లో పేర్కొన్న తుది డిజైన్ల కాపీరైటు, మొత్తం ఫీజు డిజైనర్‌కు ముట్టిన తేదీ నుంచి, కాపీరైటు ఉన్నంత కాలానికి, ప్రపంచవ్యాప్తంగా కంపెనీకి బదిలీ అగును. అంతవరకు ఆ డిజైన్లను పరిశీలించుకోవడానికి మాత్రమే కంపెనీకి అనుమతి కలదు."

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, ఏ పని మీద ఏ హక్కులో, ఎంతకాలానికో, ఏ ప్రాంతానికో చెప్పాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్లకే అని చట్టం భావిస్తుంది. ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి మాత్రమే అని భావిస్తుంది. పచ్చళ్లు గుంటూరు నుంచి అమెరికా వెళ్తున్న రోజులివి. ప్రాంతం రాయని కాగితంతో ఆ లేబుల్ అక్కడి స్టోర్లలో పెడితే, అక్కడ దాని మీద హక్కు ఇంకా డిజైనర్ దగ్గరే ఉన్నట్టు. మరొకటి, బదిలీ చేసుకున్నవారు ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోనప్పుడు, అది చెల్లకుండా పోతుంది. వ్యాపారి తరఫు లాయర్ ఇవన్నీ అడిగి రాయించుకుంటాడు. రాయించుకోనివ్వండి. పైగా ఫీజు పెంచడానికి ఇదే అసలు చోటు. ఒక్క రాష్ట్రంలో అమ్మే లేబుల్‌కూ, ప్రపంచమంతా శాశ్వతంగా వాడుకునే లేబుల్‌కూ ఒకే ధర ఉండాల్సిన పని లేదు.

"తుది డిజైన్ల" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆమె మూడు లోగో నమూనాలు చూపించింది. వాళ్లు ఒకటి ఎంచుకున్నారు. మిగతా రెండూ ఎవరివి? కంపెనీ రాసిన "అన్ని డిజైన్లు" అనే మాట ఉంటే అవి కూడా వాళ్లవే, వచ్చే ఏడాది మరో సరుకుకు వాడుకున్నా అడగలేరు. "తుది డిజైన్లు" అని ఉంటే పక్కన పడిన రెండూ ఆమెవే. ఆ కంపెనీ పేరు తీసేసి, ఆ ఆలోచనను ఆమె మరోచోట వాడుకోవచ్చు.

తనది కానిదాన్ని ఆమె రాసివ్వలేదు కూడా. లేబుల్ మీద తెలుగు అక్షరాలకు వాడిన ఫాంటు అలాంటిదే. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. డబ్బు పెట్టి కొనాల్సిన ఫాంటు అయితే లైసెన్సు కంపెనీ పేరు మీదే కొనిపించడం మేలు. ఆమె కంప్యూటర్‌లో ఎవరో వేసిచ్చిన దొంగ కాపీ ఉండి, ఒప్పందంలో "ఇందులోని ప్రతిదీ నా సొంతం, తేడా వస్తే నష్టపరిహారం నాదే" అని సంతకం పెట్టిందంటే, రేపు ఫాంటు కంపెనీ నోటీసు పంపినప్పుడు జేబు ఖాళీ అయ్యేది ఆమెదే. "ఫాంట్లు, కొన్న బొమ్మలు ఈ బదిలీలో చేరవు" అని ఒక వాక్యం రాసుకోవాలి.

హక్కులన్నీ ఇచ్చేసినా గీసినవాళ్ల దగ్గర మిగిలేది ఒకటుంది. 57వ సెక్షన్. ఇది నేను గీశాను అని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం పీకి గోదాములో పడేసింది. ఆయన కోర్టుకెక్కాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వమని, ఐదు లక్షల రూపాయలు పరిహారం కట్టమని తీర్పిచ్చింది. లేబుల్ డిజైనర్‌కు ఇది రోజూ అక్కరకొచ్చే ఆయుధమేమీ కాదు. కంపెనీవాళ్లు లోగోలో ఎరుపును నారింజ చేశారని కోర్టుకెళితే గౌరవానికి ఏం భంగం కలిగిందో రుజువు చేయాల్సిందీ ఆమే. "నా పనుల్లో దీన్ని చూపించుకుంటాను" అని ఒప్పందంలో విడిగా రాసుకోవడం దీనికన్నా నమ్మకమైన దారి.

విడతలు దేనికి ముడిపడాలి

ఇప్పుడు 80,000 సంగతి. సంతకం రోజు 24,000. మూడు నమూనాల్లో ఒక లోగో ఖరారైనప్పుడు 24,000. నాలుగు లేబుళ్లూ అట్టపెట్టే ఆమోదం పొందినప్పుడు 20,000. ప్రింటింగుకు ఓపెన్ ఫైళ్లు ఇచ్చే ముందు 12,000. ఈ విభజన పెద్ద విషయం కాదు, ఎవరి వీలును బట్టి వాళ్లు మార్చుకోవచ్చు. అసలు విషయం ఏమిటంటే ప్రతి విడతా ఎవరి చేతిలో ఉన్న పనికి ముడిపడింది అన్నది.

"చివరి విడత సరుకు మార్కెట్‌లోకి విడుదలైన రోజు" అని రాసిన ఒప్పందాలు చాలా ఉంటాయి. విడుదల ఎప్పుడు? సీసాల సప్లయర్ ఆలస్యం చేశాడు. ఫుడ్ లైసెన్సు ఇంకా రాలేదు. మంచి రోజు కోసం చూస్తున్నారు. ఇవేవీ డిజైనర్ చేతిలో లేవు. ఆమె పని పూర్తిచేసి ఆరు నెలలైనా, ఒప్పందం ప్రకారం ఆ డబ్బు ఇంకా బాకీయే పడలేదు. బాకీ పడనిదాన్ని అడగడానికి ఏ కోర్టులోనూ దారి లేదు. అందుకే విడత ఎప్పుడూ డిజైనర్ అప్పగించేదానికో, అప్పగించాక ఇన్ని రోజులకో ముడిపడాలి.

ఆమోదం కూడా అంతే. "కంపెనీ ఆమోదించాక" అని ఊరికే వదిలేస్తే, వాళ్లు "చూస్తున్నామమ్మా" అంటూ నెల గడపొచ్చు. కాబట్టి గడువు పెట్టాలి: "అప్పగించిన ఐదు పనిదినాల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే భావించబడును." ఇలాంటి పద్ధతి చట్టానికీ కొత్త కాదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టంలో, అప్పగించిన పదిహేను రోజుల్లో రాతలో అభ్యంతరం రాకపోతే స్వీకరించినట్టే అని ఉంది. ఆ చట్టం గురించి కాసేపట్లో.

ఆమోదం కోసం పంపే కాపీ ఎలా ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఒప్పందం మొత్తం దాని మీదే నిలబడుతుంది. తక్కువ రిజల్యూషన్ పీడీఎఫ్, మీద అడ్డంగా వాటర్‌మార్కు. ప్రింటర్‌కు పనికొచ్చే కోరల్‌డ్రా ఫైలో ఇలస్ట్రేటర్ ఫైలో డబ్బు ముట్టేదాకా బయటికి వెళ్లకూడదు. "ప్రెస్సువాడు రేపే ప్లేట్లు వేస్తానంటున్నాడు, ఫైలు పంపమ్మా, సాయంత్రానికి డబ్బు వేస్తాను" అనే ఫోను ప్రతి డిజైనర్‌కూ వస్తుంది. ఫైలు వెళ్లాక హక్కులు ఆమె దగ్గర ఉన్నాయన్న మాట కాగితం మీద నిజమే. కానీ పదివేల లేబుళ్లు అచ్చయి సీసాలకెక్కాక వాటిని ఆపించడానికి లాయరూ, కోర్టూ, కాలమూ కావాలి. 12,000 కోసం ఎవరు వెళ్తారు? చట్టం ఇచ్చిన హక్కు కన్నా చేతిలో ఉన్న ఫైలు బలమైనది. అందుకే చివరి విడత చిన్నదిగా ఉన్నా ఫైలు ఇచ్చే ముందే రావాలి.

వ్యాపారి వైపు నుంచి ఒక న్యాయమైన అనుమానం వస్తుంది. "లేబుళ్ల దగ్గర గొడవొస్తే, ఆమోదించి డబ్బు కట్టిన లోగో కూడా నాది కాకుండా పోతుందా?" అవును, పైన రాసుకున్న వాక్యం ప్రకారం పోతుంది. పెద్ద కంపెనీలు దీనికి ఒప్పుకోవు. అప్పుడు విడతల వారీగా హక్కులు ఇవ్వొచ్చు, రెండో విడత ముట్టగానే లోగో హక్కు వాళ్లకు పోయేలా. తప్పేమీ లేదు, కానీ అప్పుడు విడతలను కూడా తిరగరాయాలి. పనిలో ప్రాణమంతా లోగోలోనే ఉంది. 48,000కే అది చేతికొస్తుందంటే, మిగతా లేబుళ్లు మరో డిజైనర్ చేత చవగ్గా చేయించుకోవచ్చు. రెండో విడతను 24,000 నుంచి 36,000 చేసి, తరువాతవి తగ్గించడం మంచిది. నెలకు మించని చిన్న పనికైతే నేను మొత్తం ముట్టాకే హక్కులు అన్న పద్ధతికే ఓటేస్తాను.

"మొత్తం ముట్టడం" అంటే ఏమిటో కూడా ఒప్పందంలో చెప్పాలి. కంపెనీ టీడీఎస్ కోస్తుంది. 80,000 మీద పది శాతం కోస్తే ఆమె ఖాతాలో పడేది 72,000. మిగిలిన 8,000 ఆమె పాన్ మీద ప్రభుత్వానికి జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు లెక్కకొస్తుంది. మరి "మొత్తం ఫీజు" ముట్టినట్టా కాదా? "చట్టప్రకారం కోసి జమచేసిన టీడీఎస్ కూడా చెల్లింపుగా లెక్కించబడును, సర్టిఫికెట్ ఇవ్వవలెను" అని రాస్తే ఇద్దరికీ బాధ లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయితే "జీఎస్టీ అదనం" అని రాసుకోవాలి. లేకపోతే ఆ పన్ను వాళ్ల 80,000లోంచే పోతుంది.

మధ్యలో పని ఆపేస్తే? "కట్టిన విడతలు వాపసు ఉండవు. నడుస్తున్న విడతలో సగం సొమ్ము చెల్లించవలెను. పూర్తి ఫీజు ముట్టనందున హక్కులు డిజైనర్ వద్దే ఉండును." ఇంతకన్నా అక్కర్లేదు.

"చిన్న మార్పే కదమ్మా"

మూడో షరతు దగ్గరే స్నేహాలు పాడవుతాయి. ఎందుకంటే పని ఎప్పుడూ ఒక్కసారిగా పెరగదు. లేబుల్ ఆమోదించిన రెండు రోజులకు నికర బరువు 250 గ్రాముల నుంచి 300 గ్రాములు చేయమంటారు. తరువాత శాకాహార గుర్తు పెద్దది చేయమంటారు. ఆ తరువాత ఇన్‌స్టాగ్రామ్‌కు ఒక పోస్టు. తరువాత ఉసిరి లేబుల్.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఏది సవరణ, ఏది మార్పు, ఏది కొత్త పని అన్నది. ఆమె "గోంగూర"ను తప్పుగా టైపు చేస్తే అది ఆమె తప్పు, ఎన్నిసార్లయినా ఉచితంగా సరిచేయాలి. డిజైను నచ్చక "పేరు ఇంకాస్త పైకి, ఆకుపచ్చ ఇంకాస్త ముదురుగా" అంటే అది మార్పు, ఒప్పందంలో రాసుకున్న రెండు విడతల మార్పుల్లోకి వస్తుంది. ఆమోదించిన తరువాత కంపెనీ తన సమాచారం మార్చుకుంటే, బరువైనా, ఎమ్మార్పీ అయినా, 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరైనా, అది డబ్బు తీసుకోవాల్సిన పని. లేబుల్ మీద ఉండాల్సిన ఆ వివరాలన్నీ కంపెనీ రాతలో ఇవ్వాలి, అచ్చుకు ముందు చూసి ఖరారు చేయాలి అని ఒప్పందంలో ఉండాలి. లేదంటే నంబరులో ఒక అంకె తప్పుపడి పదివేల లేబుళ్లు చెత్తబుట్టలో పడితే ఆ ఖర్చు ఆమె మీద పెడతారు.

"రెండు విడతల మార్పులు" అన్నా సరిపోదు. సోమవారం ఒక మాట, మంగళవారం అబ్బాయి ఒక మాట, బుధవారం బావమరిది ఒక మాట చెబితే అది ఒక విడతా, మూడా? "కంపెనీ తరఫున ఒకే వ్యక్తి, ఒకే మెయిల్‌లో పంపే మార్పుల జాబితాను ఒక విడతగా లెక్కించవలెను" అని రాసుకోవాలి. ఆ ఒక్క వ్యక్తి ఎవరో పేరు కూడా రాయాలి.

ఇక ఉసిరి, చింతకాయ, పండుమిరప. మూడు కొత్త లేబుళ్లు. ఫోను ఇలా వస్తుంది.

"ఏమ్మా, ఆ ఆవకాయ లేబులే కదా, రంగు మార్చి పేరు మారిస్తే అయిపోదూ?"

"అయిపోతుంది సార్. మూడింటికీ కలిపి మార్పుల కాగితం ఇప్పుడే మెయిల్‌లో పంపుతాను. చూసి ఒప్పుకున్నట్టు జవాబు పెట్టండి, రేపే మొదలుపెడతాను."

ఆమె కాదనలేదు, ఉచితంగా చేస్తాననీ అనలేదు. ఆ కాగితంలో నాలుగే వాక్యాలు ఉంటాయి. అదనపు పని: మూడు లేబుళ్లు, ఒక్కోటి 7,000, మొత్తం 21,000. సగం, అంటే 10,500, మొదలుపెట్టే ముందు. తుది గడువు తొమ్మిది రోజులు వెనక్కి. ఈ మూడు లేబుళ్లు అనుబంధం-1లో చేరును. ఒక్కో లేబుల్ ధర అసలు ఒప్పందంలోనే రాసి ఉంటే బేరానికి కూడా చోటుండదు.

ఆ నాలుగో వాక్యాన్ని చాలామంది మరిచిపోతారు. హక్కుల బదిలీలో ఏ పనులో గుర్తించి చెప్పాలని పైన చూశాం. అసలు అనుబంధంలో నాలుగు లేబుళ్లే ఉన్నాయి. కొత్త మూడూ అందులో చేరకపోతే, కంపెనీ డబ్బు కట్టినా వాటి హక్కు కాగితం మీద వాళ్లది కాదు. చేరితే, "మొత్తం ఫీజు" అంటే ఇప్పుడు 80,000 కాదు, 1,01,000. అది ముట్టేదాకా ఏ హక్కూ కదలదు. మూడు షరతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలన్నది ఇందుకే.

సంతకం దగ్గర ఒక తేడా గుర్తుంచుకోవాలి. మెయిళ్ల మీద కుదిరిన ఒప్పందం చెల్లుతుంది. ఐటీ చట్టం 10ఏ సెక్షన్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకున్న ఒప్పందాలను గుర్తిస్తోంది. కాబట్టి ధర, గడువు, అదనపు పనికి మెయిల్‌లో వచ్చిన "ఒప్పుకుంటున్నాను" సరిపోతుంది. వాట్సాప్ జవాబైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడమే కాదు, దాన్నే మెయిల్‌లో పంపి ఖాయం చేసుకోవడం క్షేమం. కానీ కాపీరైటు బదిలీకి హక్కు ఇచ్చేవారి సంతకం కావాలి. అందుకని పని చివర, డబ్బంతా ముట్టాక, ఏడు లేబుళ్లూ, లోగో, అట్టపెట్టె పేర్లు వరుసగా రాసి ఒక్క పేజీ బదిలీ పత్రం మీద ఆమె సంతకం చేసి ఇస్తే వ్యాపారి లాయర్‌కు వంక దొరకదు.

కాగితం లేకుండానే అదనపు పని చేసేశారా? కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కొంత ఆదుకుంటుంది. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల అవతలివారు లాభం పొందితే వారు పరిహారం ఇవ్వాలి. అయితే ఎంత ఇవ్వాలో తేల్చేది కోర్టు, మీ రేటు కార్డు కాదు.

ఇక చిన్న పరిశ్రమల చట్టం. ఒంటరిగా పనిచేసే డిజైనర్ కూడా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. udyamregistration.gov.in లో ఉచితం, మధ్యవర్తికి డబ్బు కట్టనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న తేదీకి డబ్బివ్వాలి. ఎంత రాసుకున్నా పని స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. "తొంభై రోజుల క్రెడిట్" అని ఒప్పందంలో రాయించుకున్నా ఆ 45 రోజుల గీత చెరిగిపోదు. ఫిర్యాదు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేసుకోవచ్చు. ఒప్పందం కుదిరాక, పని అయిపోయాక చేసుకున్న రిజిస్ట్రేషన్ పాత బాకీకి పనికిరాదని సుప్రీంకోర్టు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. ఆ తరువాత కూడా కోర్టుల్లో దీని మీద వాదనలు నడుస్తున్నాయి. ఆ గొడవ మీకెందుకు? వచ్చే ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఉద్యమ్ నంబరు తీసుకుని, ఆ నంబరును ఒప్పందం మొదటి పేజీలోనూ ప్రతి బిల్లు మీదా వేయండి.